ఆరు వేలు మిగిలాయి, లాభం మాత్రం తగ్గింది

గుంటూరు శివారులో ఒక కారం మిల్లు ఉందనుకుందాం. నెలాఖరున తయారైన లెక్కల కాగితంలో ముడిసరుకు వరుస దగ్గర ‘6,000 ఆదా’ అని ఉంది. ఇరవై లక్షల పైచిలుకు మిర్చి మర పట్టిన నెలలో ఆరు వేలు తేడా అంటే లెక్కలోకి రాదు, అంతా అనుకున్నట్టే జరిగిందని సరిపెట్టుకుంటారు. యార్డులో కొనుగోళ్లు చూసే మనిషిని గాని, మర దగ్గర మేస్త్రీని గాని ఎవరూ ఏమీ అడగరు. అదే కాగితం అడుగున మాత్రం నెల లాభం అంచనా కంటే 57,600 రూపాయలు తగ్గింది.

“ఏమ్మా, సరుకులో మిగిలిందంటావు, లాభంలో తగ్గిందంటావు. ఇదెట్లా?” అని యజమాని అడిగితే, లెక్కలు రాసే అమ్మాయి ఆ ఆరు వేలను విప్పి చూపించాలి. విప్పితే అందులో మూడు వేర్వేరు సంగతులు బయటపడతాయి. ఒకటి 80,000 కలిసొచ్చింది, ఇంకొకటి 50,000 పోయింది, మూడోది 24,000 పోయింది. ఒకదాన్నొకటి మింగేసి పైకి ఆరు వేలుగా తేలాయి. అమ్మకాల వైపు కూడా ఇలాగే విప్పితే లాభం ఎటు పోయిందో తెలుస్తుంది. ఈ మిల్లూ దాని అంకెలూ నేను లెక్క తేలిగ్గా ఉండేలా కల్పించినవే. లెక్క పద్ధతి మాత్రం కాస్ట్ అకౌంటెంట్లు రోజూ వాడేదే.

ముందు మిల్లు సంగతి. మంచి కారం ఒక్క రకం మిర్చితో రావడం కష్టం. తేజ రకం సన్నగా, బాగా ఘాటుగా ఉంటుంది. 334 రకంలో ఘాటు మధ్యస్థం, ధర కాస్త అందుబాటులో ఉంటుంది. కర్ణాటకలోని హావేరి జిల్లా పేరు చెప్పగానే గుర్తొచ్చే బ్యాడిగి మిర్చి ముడతలు పడి ఉంటుంది. దానికి ఘాటు తక్కువ, ఎరుపు ఎక్కువ. కూరకు రంగు తెచ్చేది అదే. అందుకే మిల్లుల వాళ్లు ఈ రకాలను పాళ్లు చూసుకుని కలుపుతారు. మన మిల్లు పెట్టుకున్న పాళ్లు ఇవి: వంద కేజీల మిర్చిలో తేజ 40, మూడు వందల ముప్పై నాలుగు రకం 40, బ్యాడిగి 20. అంచనా ధరలు కేజీకి వరసగా 220, 180, 300 రూపాయలు. మొత్తం వంద కేజీలకు 22,000 అవుతుంది.

వంద కేజీలు పోస్తే వంద కేజీల కారం రాదు. తొడిమ పోతుంది, తాలు కాయలు ఏరేస్తారు, ఎండబెట్టినప్పుడు తేమ పోతుంది, మర దగ్గర కొంత పొడి దుమ్ముగా లేస్తుంది. ఇవన్నీ పోను 88 కేజీలు రావాలని మిల్లు లెక్క వేసుకుంది. 22,000 ను 88 తో భాగిస్తే కేజీ కారంలో మిర్చి ఖర్చు 250 రూపాయలు. ఈ 250 గుర్తుంచుకోవాలి, కింద మళ్లీ పనికొస్తుంది.

ఇక ఆ నెల జరిగింది చూద్దాం. మొత్తం 10,000 కేజీల మిర్చి మరలోకి వెళ్లింది. అందులో తేజ 4,400 కేజీలు, కేజీ 225 చొప్పున కొన్నారు. 334 రకం కూడా 4,400 కేజీలే, అది 175 కే దొరికింది. బ్యాడిగి ధర 320 కి ఎక్కేసరికి దాన్ని 1,200 కేజీలకు కుదించారు. మొత్తం ఖర్చు 21,44,000. కారం వచ్చింది 8,600 కేజీలు.

ఇంత కారానికి మిర్చి ఖర్చు ఎంత కావాలి? 8,600 ను 250 తో గుణిస్తే 21,50,000. అయినది 21,44,000. మిగిలింది ఆరు వేలు. కాగితం మీద కనిపించిన ఆదా ఇదే. ఇక్కడ ఒక చిన్న మాట. ఈ పోలికలో తీసుకున్నది వచ్చిన కారానికి అయ్యుండాల్సిన ఖర్చు, నెల మొదట్లో రాసుకున్న బడ్జెట్ మొత్తం కాదు. బడ్జెట్లో 8,800 కేజీల కారం తీయాలని ఉంది. అంతకంటే తక్కువ తీసి, ఖర్చు తగ్గిందని చెప్పుకుంటే అది ఆదా అనిపించుకోదు.

విప్పేటప్పుడు ముందుగా ధర. వాడిన ప్రతి కేజీకి అంచనా ధర కంటే ఎంత ఎక్కువ, ఎంత తక్కువ పెట్టామన్నదే ప్రశ్న. తేజలో కేజీకి 5 ఎక్కువ పెట్టాం, 22,000 పోయింది. 334 రకంలో కేజీకి 5 తక్కువకు వచ్చింది, సరిగ్గా 22,000 కలిసొచ్చింది. బ్యాడిగిలో కేజీకి 20 ఎక్కువ, 1,200 కేజీల మీద 24,000 పోయింది. నికరంగా ధర వల్ల పోయింది 24,000. ఇందులో పెద్ద విశేషం లేదు, యార్డు ధరలు ఎవరి చేతిలోనూ ఉండవు. ఆ 334 రకం 175 కి ఎందుకు దొరికిందన్నది మాత్రం పక్కన పెట్టుకోండి, దానితో పని ఉంది.

రెండోది పాళ్ల తేడా. మిక్స్ వేరియన్స్ అని అకౌంటెంట్లు అనేది దీన్నే. ఇక్కడ అడిగే ప్రశ్న ఒక్కటే: మరలోకి వెళ్లిన 10,000 కేజీలను అనుకున్న పాళ్లలోనే కలిపి ఉంటే ఏ రకం ఎంత పట్టేది, వేరే పాళ్లలో కలపడం వల్ల ఖర్చు ఎంత మారింది? మొత్తం బరువు రెండు వైపులా 10,000 కేజీలే. మారేది లోపలి వాటాలు మాత్రమే.

అనుకున్న పాళ్లలో అయితే తేజ 4,000, మూడు వందల ముప్పై నాలుగు 4,000, బ్యాడిగి 2,000 కేజీలు పట్టేవి. తేజ 400 కేజీలు ఎక్కువ పడింది, 220 చొప్పున 88,000 అదనం. 334 రకం 400 కేజీలు ఎక్కువ, 180 చొప్పున 72,000 అదనం. బ్యాడిగి 800 కేజీలు తగ్గింది, 300 చొప్పున 2,40,000 తగ్గుదల. మూడూ కలిపితే 80,000 కలిసొచ్చింది. ఇక్కడ అసలు కొన్న ధరలు వాడకుండా అంచనా ధరలే ఎందుకు వాడామంటే, ధర సంగతి ఇందాకే విడిగా తేల్చేశాం. ఇక్కడ కూడా కొన్న ధర పెడితే అదే రూపాయి రెండు చోట్ల దూరుతుంది. చివర్లో లెక్క కలవదు.

ఈ లెక్కలో చాలామంది తడబడే చోటు ఒకటుంది. పై పద్ధతి ప్రకారం 334 రకం ఎక్కువ వాడటం వల్ల 72,000 పోయినట్టు కాగితం మీద పడుతుంది. కానీ 334 చవక సరుకు, దాన్ని ఎక్కువ వాడితే మిశ్రమం ఖర్చు తగ్గాలి గదా! ఈ గందరగోళం పోవాలంటే ప్రతి రకాన్నీ మిశ్రమం సగటు ధరతో పోల్చాలి. అంచనా పాళ్లలో కేజీ మిర్చి సగటు 220. తేజ ధరా సరిగ్గా 220 కాబట్టి దాని వాటా పెరిగినా తగ్గినా ఖర్చు మారదు, సున్నా. 334 సగటు కంటే 40 చవక, 400 కేజీలు పెరిగింది కాబట్టి 16,000 కలిసొచ్చింది. బ్యాడిగి సగటు కంటే 80 ప్రియం, 800 కేజీలు తగ్గింది కాబట్టి 64,000 కలిసొచ్చింది. మొత్తం అదే 80,000. రెండు దారుల్లోనూ మొత్తం మారదు, రకం వారీగా పంచడమే మారుతుంది. పరీక్ష రాసేవాళ్లకు రెండూ ఒకటే గాని, రకం వారీ అంకె చూసి కొనుగోలు మనిషిని నిలదీయబోయే యజమాని రెండో పద్ధతిలో చూడటమే మేలు. మొదటి పద్ధతి అంకె చూపించి “334 ఎందుకు ఎక్కువ వాడావు?” అని అడిగితే ఆ మనిషికి జవాబు చెప్పాల్సిన అవసరమే లేదు.

పాళ్ల తేడాకు ఒక హద్దు కూడా ఉంది. ఒక సరుకు బదులు ఇంకొకటి వాడే వీలున్న చోటే దానికి అర్థం ఉంటుంది. తేజ, 334, బ్యాడిగి మూడూ మిర్చే, ఒకటి తగ్గించి ఇంకొకటి పెంచవచ్చు, కారం కారంగానే ఉంటుంది. కారాన్ని నింపే ప్లాస్టిక్ కవర్లను కూడా ఇదే పట్టికలో కలిపేసి పాళ్లు లెక్కగడితే వచ్చే అంకె దేనికీ పనికిరాదు. మిర్చి తగ్గించి కవర్లు పెంచుదామని ఎవరూ అనుకోరు గదా. అలాంటి సరుకుల్ని విడివిడిగా, ఎంత వాడాల్సింది ఎంత వాడామనే లెక్కతో సరిపెట్టాలి.

మూడోది దిగుబడి, అంటే యీల్డ్ వేరియన్స్. 10,000 కేజీలు పోస్తే 8,800 కేజీల కారం రావాలి, 8,600 వచ్చింది. 200 కేజీలు తక్కువ. కేజీ 250 చొప్పున 50,000 పోయింది. ఇందాక గుర్తుంచుకోమన్న 250 ఇదే. మిర్చి ధర 220 గదా, 250 ఎందుకంటే, పోయింది మిర్చి కాదు, కారం. ఒక కేజీ కారం తక్కువ వచ్చిందంటే దాని వెనక కేజీ కంటే ఎక్కువ మిర్చి వృథా అయినట్టు. 220 పెట్టి గుణిస్తే 44,000 వస్తుంది, ఆరు వేలు ఎక్కడా కలవకుండా గాలిలో మిగిలిపోతాయి. లెక్క కలవనప్పుడు నేనైతే ముందు వెతికే చోటు ఇదే.

ఇప్పుడు మూడూ కలపండి. ధర వల్ల 24,000 పోయింది, పాళ్ల వల్ల 80,000 వచ్చింది, దిగుబడి వల్ల 50,000 పోయింది. నికరం 6,000 కలిసొచ్చింది. మొత్తం తేడాతో పైసాతో సహా సరిపోయింది. సరిపోవడం అంటే లెక్క తప్పు లేదని మాత్రమే. మిల్లులో ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఇక్కడ నుంచి మరలోకి, గోడౌన్‌లోకి వెళ్లాలి.

ఆ 200 కేజీలు ఎటు పోయాయి? పక్కన పెట్టిన 334 రకం సంగతి ఇప్పుడు తీయాలి. ఆ నెల అది 175 కి దొరకడానికి కారణం తేమ అయి ఉండవచ్చు. కల్లంలో పూర్తిగా ఎండని కాయ, లేదా టిక్కీలకు ఎత్తేటప్పుడు కాయ విరగకుండా ఉండాలని నీళ్లు చల్లిన కాయ బరువు తూగుతుంది గాని కారం ఇవ్వదు. మామూలుగా పదో శాతం ఉండే తేమ ఆ సరుకులో పద్నాలుగు ఉందనుకోండి. 4,400 కేజీల్లో నాలుగు శాతం అంటే 176 కేజీలు వట్టి నీరు. ఆ నీటిని కారంలో ఉంచేద్దామంటే కుదరదు. కారంలో తేమ 11 శాతం మించకూడదని దేశంలోని ఆహార ప్రమాణాలు చెబుతాయి. తేమ ఎక్కువైతే పొడి గడ్డకడుతుంది, బూజు పడుతుంది. కాబట్టి ఎండబెట్టాల్సిందే, 176 కేజీలు ఆవిరి కావాల్సిందే. 200 లో సింహభాగం ఇక్కడే దొరికింది. కేజీకి 5 తగ్గించి కొని 22,000 మిగిల్చామనుకున్న సరుకే దిగుబడిలో 44,000 తినేసింది. కొనుగోలు లెక్కలో కలిసొచ్చినట్టు, మర లెక్కలో పోయినట్టు కనిపిస్తే మేస్త్రీ మీద పడటం సహజం. కానీ ఇందులో అతని తప్పేం లేదు.

ఇది ఊహ అని కొట్టిపారేయకుండా తేల్చుకునే మార్గాలు తేలికైనవే. యార్డు నుంచి వచ్చిన లాటు లాటుకూ తేమ మీటరు పెట్టి అంకె రాసుకోవాలి. తూకం ఎక్కడ వేశారో కూడా రాసుకోవాలి. తొడిమతో తూచిన నెలనూ తొడిమ తీశాక తూచిన నెలనూ ఒకే దిగుబడి అంచనాతో పోలిస్తే ఏడెనిమిది శాతం తేడా ఊరికే పుట్టుకొస్తుంది. ఎండబెట్టకముందు ఒకసారి, ఎండబెట్టాక ఒకసారి, కారం సంచుల్లోకి ఎత్తాక ఒకసారి తూస్తే నష్టం ఎండబోతలో జరిగిందా, మరలో జరిగిందా తెలిసిపోతుంది. మరలో జరిగితేనే మేస్త్రీని, దుమ్ము పట్టే సంచుల్ని, జల్లెడను చూడాలి. ఇంకొకటి, ఫిబ్రవరి నుంచి వేసవి దాకా వచ్చే కొత్త కాయకూ, కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి ఉండి బయటకొచ్చిన కాయకూ ఒకే 88 శాతం పెట్టుకుంటే ప్రతి ఏడూ కొన్ని నెలలు అనవసరంగా తిట్లు తినాలి, మిగతా నెలలు అనవసరంగా మెచ్చుకోలు పొందాలి. సీజన్‌ను బట్టి రెండు అంచనాలు పెట్టుకోవడం మంచిది.

ఇక అమ్మకాల వైపు. మిల్లు తన కారాన్ని రెండు రకాలుగా అమ్ముతుంది. అరకేజీ ప్యాకెట్లు కిరాణా దుకాణాలకు పోతాయి. 25 కేజీల బస్తాలు హోటళ్లకు, పచ్చళ్ల వాళ్లకు పోతాయి. మర పట్టడం, ప్యాకింగ్ కలిపి ప్యాకెట్ కారానికి కేజీకి 50, బస్తా కారానికి 25 ఖర్చు. మిర్చి ఖర్చు 250 కలిపితే ప్యాకెట్ కారం కేజీ 300, బస్తా కారం 275 పడుతుంది. అమ్మే ధర 380, 305. అంటే కేజీకి ప్యాకెట్లలో 80, బస్తాల్లో 30 మిగలాలి. బడ్జెట్ ప్రకారం 8,800 కేజీల్లో అరవై శాతం ప్యాకెట్లు, నలభై శాతం బస్తాలు. లాభం 5,28,000, సగటున కేజీకి 60.

ఆ నెల తీసిన 8,600 కేజీలూ అమ్ముడుపోయాయి గాని సగం ప్యాకెట్లుగా, సగం బస్తాలుగా, అంటే చెరి 4,300 కేజీలు. ప్యాకెట్లకు ధర తగ్గించి 375 కి ఇవ్వాల్సి వచ్చింది. బస్తాలకు 308 వచ్చింది. దీన్ని కూడా మిర్చిలాగే మూడుగా విప్పుతారు. ధరలో ప్యాకెట్ల మీద కేజీకి 5 చొప్పున 21,500 పోయింది, బస్తాల మీద 3 చొప్పున 12,900 వచ్చింది, నికరంగా 8,600 పోయింది.

ఆ తర్వాత అమ్మకాల పాళ్లు. 8,600 కేజీలను అనుకున్న అరవై-నలభైలో అమ్మి ఉంటే ప్యాకెట్లు 5,160 కేజీలు పోయేవి. పోయింది 4,300. 860 కేజీలు ప్యాకెట్ల నుంచి బస్తాలకు జారాయి. జారిన ప్రతి కేజీకీ 80 రావాల్సిన చోట 30 వచ్చింది, 50 పోయింది. 860 ను 50 తో గుణిస్తే 43,000. అమ్మకాల్లో పడిన దెబ్బల్లో ఇదే పెద్దది. అమ్మకాలు చూసేవాళ్లు మాత్రం దీన్ని ఎప్పుడూ చెప్పరు. వాళ్ల రిపోర్టులో మొత్తం టన్నులే ఉంటాయి, టన్నులు దాదాపు సరిపోయాయి కాబట్టి నెల బాగానే నడిచినట్టు రాసుకుంటారు.

మూడోది పరిమాణం. 8,800 బదులు 8,600 అమ్మారు, 200 కేజీలు తక్కువ, సగటు లాభం 60 చొప్పున 12,000 పోయింది. మూడూ కలిపితే అమ్మకాల వైపు పోయింది 63,600.

ఇక్కడ లాభం అంటే అసలు లాభం కాదని గమనించాలి. అమ్మిన ధరలోంచి అంచనా ఖర్చు 300 నో 275 నో తీసేస్తే మిగిలేది అది. అసలు ఖర్చు ఎంతయిందన్నది మిర్చి లెక్కలో తేలిపోయింది. అమ్మకాల లెక్కలోకి కూడా దాన్ని తెస్తే మర దగ్గర జరిగిన నష్టానికి అమ్మే మనిషి బాధ్యుడవుతాడు, పైగా అదే నష్టం రెండుసార్లు లెక్కకొస్తుంది.

ఆ 200 కేజీల సంగతి చూడండి. దిగుబడి తగ్గడం వల్ల రాని 200 కేజీలూ, అమ్మకాల్లో తక్కువైన 200 కేజీలూ ఒకటే. మరలో అది 50,000 గా కనిపించింది, అమ్మకాల్లో 12,000 గా కనిపించింది. ఒకే సరుకుకు రెండుసార్లు నష్టం కట్టామా? లేదు. బడ్జెట్ ప్రకారం కేజీ కారం సగటు అమ్మకపు ధర 350. అందులో మిర్చి 250, మర, ప్యాకింగ్ 40, లాభం 60. తయారుకాని కారానికి 250 రూపాయల మిర్చి అప్పటికే కాలిపోయింది, రావాల్సిన 60 లాభం రాలేదు, మర, ప్యాకింగ్ 40 మాత్రం ఖర్చు కాలేదు. కాబట్టి ఆ 200 కేజీల అసలు దెబ్బ 62,000. కొంటానికి మనుషులున్నారు, సరుకే లేదన్నప్పుడు ఈ మాట నిజం. సరుకు ఉన్నా కొనేవాళ్లు లేకపోతే 12,000 కు కారణం మర కాదు, మార్కెట్.

ఇప్పుడు బడ్జెట్ లాభం నుంచి అసలు లాభం దాకా ఒక్కొక్క మెట్టే దిగవచ్చు.

| | రూపాయలు |
|---|---:|
| బడ్జెట్ లాభం | 5,28,000 |
| అమ్మకపు ధర | − 8,600 |
| అమ్మకాల పాళ్లు | − 43,000 |
| అమ్మకాల పరిమాణం | − 12,000 |
| మిర్చి ధర | − 24,000 |
| మిర్చి పాళ్లు | + 80,000 |
| దిగుబడి | − 50,000 |
| అసలు లాభం | 4,70,400 |

సరిచూసుకోవడానికి ఇంకో వైపు నుంచి రండి. అమ్మకాల మీద వచ్చింది 29,36,900. మిర్చికి 21,44,000 పోయింది. మర, ప్యాకింగ్ ఖర్చులు అంచనాకు తగ్గట్టే అయ్యాయనుకుంటే 3,22,500. మిగిలింది 4,70,400. రెండు దారులూ ఒకే చోట కలిశాయి. నెలాఖరున గోడౌన్‌లో కారం మిగిలిపోయి ఉంటే దాన్ని అంచనా ఖర్చుకే కట్టాలి. అసలు ఖర్చుకు కట్టామంటే ఈ నెల తేడాలో కొంత వచ్చే నెలలోకి జారిపోయి పట్టిక కలవదు.

పట్టికలో ప్లస్ ఉన్న వరుస ఒక్కటే, మిర్చి పాళ్లు. బ్యాడిగిని ఇరవై శాతం నుంచి పన్నెండుకు కోసిన నిర్ణయం అది. తేజ పెరిగి బ్యాడిగి తగ్గితే కారం ఘాటెక్కి ఎరుపు తగ్గుతుంది. ప్యాకెట్ కొనే ఇల్లాలు ముందు చూసేది రంగు. హోటల్ వంటవాడికి ఘాటు ముఖ్యం, కొంచెం కారంతో కూర తయారవుతుంది. ప్యాకెట్లు తగ్గి ధర దించాల్సి రావడం, బస్తాలు పెరిగి మూడు రూపాయలు ఎక్కువ పలకడం ఈ మార్పుతో సరిగ్గా పొసుగుతాయి. పొసిగినంత మాత్రాన రుజువైనట్టు కాదు. పక్క కంపెనీ అదే నెల తగ్గింపు ధర పెట్టి ఉండవచ్చు. తేల్చుకోవాలంటే తేదీలు చూడాలి. బ్యాడిగి తగ్గించిన బ్యాచ్ దుకాణాలకు చేరిన వారం నుంచే ప్యాకెట్ల ఆర్డర్లు పడిపోయాయా, అంతకు ముందు నుంచేనా? బ్యాచ్‌ల రంగు పరీక్ష అంకెలు మిల్లులో ఉంటాయి, వాటి పక్కన దుకాణాల నుంచి తిరిగొచ్చిన ప్యాకెట్ల బ్యాచ్ నంబర్లు పెట్టి చూడాలి. లెక్కల పట్టిక ఈ పని చేయదు, ఎక్కడ వెతకాలో మాత్రం చూపిస్తుంది.

పోనీ నింద అంతా బ్యాడిగి కోత మీదే వేద్దాం. కోత వల్ల 80,000 మిగిలింది. ప్యాకెట్లు బస్తాలకు జారడంతో 43,000, ప్యాకెట్ ధర దించడంతో 21,500 పోయాయి. బస్తా ధర పెరగడంతో 12,900 వచ్చింది. నికరంగా ఇంకా 28,400 లాభమే. “అయితే నేను చేసింది మంచి పనే గదండీ!” అని కొనుగోలు మనిషి అనవచ్చు, ఈ ఒక్క నెలకు అది నిజం కూడా.

యజమాని అడగాల్సింది తర్వాతి నెల సంగతి. కొత్త ధరల్లో ప్యాకెట్ కారం కేజీకి 75, బస్తా కారం 33 మిగులుస్తున్నాయి, తేడా 42. 28,400 ను 42 తో భాగిస్తే 676 కేజీలు. అంటే ఇంకో 676 కేజీలు ప్యాకెట్ల నుంచి బస్తాలకు జారితే, ప్యాకెట్ల వాటా యాభై నుంచి నలభై రెండు శాతానికి దిగితే, బ్యాడిగి కోసి మిగిల్చిన డబ్బు పూర్తిగా కరిగిపోతుంది. ఒక్క నెలలో అరవై నుంచి యాభైకి పడిన వాటా అది. అయినా పన్నెండు శాతం బ్యాడిగితోనే నడపాలని నిర్ణయిస్తే, ఆ పాళ్లను కొత్త అంచనాగా రాసుకుని కేజీ 250 ని, ప్యాకెట్ల వాటాను, వాటి ధరను కలిపి మార్చుకోవాలి. పాత పాళ్లు అట్టే ఉంచితే ప్రతి నెలా కాగితం మీద 80,000 ఆదా పడుతూనే ఉంటుంది, దాని కింద ప్యాకెట్ల వరుసలో మైనస్ పెరుగుతూనే ఉంటుంది.